ఖులా అడిగే ముందు: ఏది వదలాలి, ఏది వదలకూడదు

హైదరాబాద్‌లో ఫ్యామిలీ కోర్టు కేసులు చూసే లాయర్‌గా నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. "మేడం, నాకేమీ వద్దు. ఖులా ఇప్పించండి చాలు." తల్లి పక్కన కూర్చుని తల ఊపుతూ ఉంటుంది. తండ్రి కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. నాలుగైదేళ్లు నలిగిన పిల్ల ఆ మాట ఎందుకంటుందో నాకు అర్థమవుతుంది. కానీ ఆ "ఏమీ వద్దు" కాగితం మీదికి ఎక్కితే తరువాత తుడిచేయడం చాలా కష్టం. ఖులాకు ఆమె చెల్లించాల్సిన వెల మామూలుగా ఒక్కటే, పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న మెహర్. మిగతావన్నీ ఎవరో రాసి తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టడం వల్ల పోతాయి.

అసలు ఖులా ఒక్కటే దారి కాదు. ముస్లిం భార్య పెళ్లి నుంచి బయటపడటానికి మూడు ముఖ్యమైన దారులున్నాయి. ఖులా అంటే భార్య తానే విడిపోతానని అడిగి, మెహర్ తిరిగి ఇస్తాననో, రావలసింది వదిలేస్తాననో చెప్పడం. ముబారాత్ అంటే ఇద్దరికీ ఇష్టమై, మాట్లాడుకుని విడిపోవడం. మూడోది ఫస్ఖ్. అంటే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద కోర్టులో కారణం రుజువు చేసి డిక్రీ తెచ్చుకోవడం. పెళ్లి ఒప్పంద పత్రం నికాహ్‌నామాలో భర్త ముందే తలాక్ హక్కును భార్యకు అప్పగించి ఉంటే తలాక్-ఎ-తఫ్‌వీజ్ అనే దారి కూడా ఉంటుంది. మన దగ్గర అలా రాయించుకున్న నికాహ్‌నామా అరుదు. మీదాంట్లో ఉందేమో ఒకసారి చూసుకోండి. ఉంటే మెహర్ వదలాల్సిన పని లేకుండానే బయటపడొచ్చు.

ముందు తేల్చుకోవలసింది: విడిపోవాలని ఎవరికుంది?

ఏ దారి పట్టాలో లెక్క వేసేముందు ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. ఎందుకంటే ఖులాలో చాలా మోసం ఇక్కడే జరుగుతుంది. భర్తకే వేరే పెళ్లి మీద మనసుంటుంది. తాను తలాక్ ఇస్తే మెహర్ కట్టాలి, విడాకుల తరువాత భార్య ఆగాల్సిన ఇద్దత్ గడువులో ఆమె ఖర్చు ఇవ్వాలి, సామాను తిరిగి ఇవ్వాలి. అందుకని నోరు మెదపడు. ఇంటికి రాడు, డబ్బు పంపడు, ఫోన్ ఎత్తడు. నాలుగు నెలల తరువాత ఆడపడుచు ద్వారా కబురు వస్తుంది: "అంత కష్టంగా ఉంటే నువ్వే ఖులా తీసుకో." పుట్టింటివాళ్లు దాన్ని పెద్ద ఉపకారం అనుకుంటారు.

అలాంటి చోట ఖులా అడగడం అంటే అతను ఇవ్వాల్సిన డబ్బును మీరే అతనికి మాఫ్ చేయడం. హనఫీ సంప్రదాయపు ఫిఖహ్, అంటే ధర్మశాస్త్ర పుస్తకాలు కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. తప్పు భర్తదైతే ఖులా పేరుతో అతను భార్య దగ్గర ఏదైనా తీసుకోవడం మక్రూహ్, అంటే తగని పని. భార్య వైపు నుంచే విముఖత ఉన్నా, తానిచ్చిన మెహర్ కంటే ఎక్కువ పుచ్చుకోవడం మక్రూహ్. జమాత్ పెద్దల ముందు కూర్చున్నప్పుడు ఈ మాట గుర్తు చేయడానికి మీవాళ్లు మొహమాటపడకూడదు. "అతనికే విడిపోవాలని ఉంది, కాబట్టి తలాక్ ఇచ్చి మెహర్ కట్టమనండి. లేదంటే ముబారాత్ రాసుకుందాం" అని ముందు అడగాలి. దానికీ ఒప్పుకోకపోతే అప్పుడు ఖులా, ఫస్ఖ్‌ల మధ్య లెక్క చూసుకోవాలి.

ఖులాకు భర్త ఒప్పుకోవాలా?

చాలా ఇళ్లలో పిల్లను ఏళ్ల తరబడి కట్టిపడేసింది ఈ ప్రశ్నే. తెలంగాణలో దీనికి ఇప్పుడు గట్టి జవాబుంది. 2025 జూన్ 24న తెలంగాణ హైకోర్టులో జస్టిస్ మౌషుమీ భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్. మధుసూదన్ రావు ధర్మాసనం ఒక తీర్పు ఇచ్చింది. భార్య ఒక మతపరమైన కౌన్సిల్ ద్వారా ఖులానామా తెచ్చుకుంటే, అది చెల్లదని భర్త వేసిన కేసు అది. కోర్టు మూడు మాటలు చెప్పింది. ఖులా కోరే హక్కు భార్యకు పూర్తిగా ఉంది, దానికి భర్త అంగీకారం అక్కరలేదు. ముఫ్తీ ఇచ్చేది సలహా మాత్రమే, ముఫ్తీ కాగితం లేకపోతే ఖులా లేదన్న నియమం లేదు. ఇక బయట నిలబడే రుజువు కావాలంటే ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాలి. ఆ కోర్టు సుదీర్ఘ విచారణ పెట్టుకోకుండా, భార్య ఖులా కోరిందా, కలిపే ప్రయత్నం నిజంగా జరిగిందా, మెహర్ తిరిగి ఇస్తానని ఆమె చెప్పిందా అనేవి చూసి తేల్చాలి. మెహర్ మొత్తం ఇవ్వాలా, కొంత ఇవ్వాలా అన్నదాని మీద భర్త బేరమాడొచ్చు గాని, ఆమెను పెళ్లిలో కట్టి ఉంచలేడు.

దీనికి మూలం చాలా పాతది. ఖురాన్‌లో సూరా బఖరా 229వ ఆయతు భార్య ఏదైనా ఇచ్చి విడుదల పొందడంలో ఇద్దరి మీదా పాపం లేదంటుంది. సాబిత్ బిన్ ఖైస్ భార్య ప్రవక్త దగ్గరికి వచ్చినప్పుడు, ఆయన ఆమెను అడిగింది ఒక్కటే, మెహర్‌గా తీసుకున్న తోట తిరిగి ఇస్తావా అని. ఇస్తానంది, విడుదలైంది. తోటతో పాటు ఇంకేమిస్తావని అడగలేదు. ఈ ముక్క నేను పంచాయితీల్లో చాలాసార్లు చెప్పాను, ఎప్పుడు చెప్పినా ఎదుటివాళ్ల గొంతు కాస్త తగ్గుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు ఒక తేడా గమనించాలి. కర్నూలులోనో గుంటూరులోనో ఫ్యామిలీ కోర్టు తెలంగాణ హైకోర్టు తీర్పుకు కట్టుబడి తీరాలని లేదు. మీ లాయరు దాన్ని చూపించి వాదించవచ్చు. 2021లో కేరళ హైకోర్టు ఇదే దారిలో ఇచ్చిన తీర్పును కూడా జోడించవచ్చు. మద్రాసు హైకోర్టు మాత్రం 2023లో ప్రైవేటు షరియత్ కౌన్సిల్ ఇచ్చే ఖులా సర్టిఫికెట్ చెల్లదని, ఆడవాళ్లు ఖులా కోసం ఫ్యామిలీ కోర్టుకే వెళ్లాలని చెప్పింది. రాష్ట్రం ఏదైనా నా సలహా ఒకటే. ఖులానామా ఎవరు రాసినా, ఫ్యామిలీ కోర్టులో దాని మీద డిక్లరేషన్ తెచ్చుకోండి. ఫత్వాకు, మత పంచాయితీ అయిన దారుల్ ఖజా తీర్పుకు చట్టబలం లేదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పేసింది. రేపు అతను "నేను ఒప్పుకోలేదు, ఆమె ఇంకా నా భార్యే" అని ఇంకో ఊళ్లో కేసు వేస్తే మీ చేతిలో కోర్టు కాగితం ఉండాలి.

ఒక ఇంటి లెక్క

ఇలాంటి కేసు ఒకటి తీసుకుందాం. నిజామాబాద్ పిల్ల, ఇరవై ఎనిమిదేళ్లు. పెళ్లై ఏడేళ్లు, అయిదేళ్ల పాప. మెహర్ 75,000 రూపాయలు, మువజ్జల్, అంటే తరువాత ఇచ్చేది. పైసా ఇవ్వలేదు. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం 12 తులాలు, అత్తింటివాళ్లు పెట్టింది 3 తులాలు. జోడే కీ రఖమ్ పేరుతో పెళ్లికొడుక్కు 2 లక్షలు ఇచ్చారు. మంచం, బీరువా, ఫ్రిజ్, వంటసామాను జహేజ్, అంటే పుట్టింటివాళ్లు పెట్టిన సారె. భర్త రియాద్‌లో డ్రైవరు. 14 నెలలుగా డబ్బు పంపడం లేదు. వచ్చినప్పుడల్లా చెయ్యి చేసుకుంటాడు. ఒకసారి పెదవి చిట్లి ప్రభుత్వ ఆసుపత్రిలో కుట్లు వేయించుకుంది. ఆ చీటీ ఉంది.

ఫస్ఖ్ దారిలో ఏముంటుంది? 1939 చట్టం 2వ సెక్షన్‌లో కారణాల జాబితా ఉంది. భర్త నాలుగేళ్లు ఆచూకీ లేకపోవడం, రెండేళ్లు పోషించకపోవడం, ఏడేళ్లు లేదా అంతకుమించి జైలు శిక్ష పడటం, సరైన కారణం లేకుండా మూడేళ్లు కాపురం బాధ్యతలు వదిలేయడం, క్రూరత్వం వంటివి. ఈ పిల్లకు పోషణ కారణం ఇంకా పనికిరాదు. రెండేళ్లు నిండాలి, 14 నెలలే అయింది. క్రూరత్వం పనికొస్తుంది, ఆసుపత్రి చీటీ, ఫోన్‌లో అతను పంపిన బూతు మెసేజ్‌లు, చూసిన పక్కింటామె సాక్ష్యం ఉంటే. కానీ అతను రియాద్‌లో ఉన్నాడు. నోటీసు అందించడమే నెలల పని. వచ్చి వాదిస్తే సాక్షులు, క్రాస్ ఎగ్జామినేషన్, ఆపైన అప్పీలు. ఏళ్లు పట్టొచ్చు. గెలిస్తే దక్కేది విడుదలతో పాటు 75,000 మెహర్. ఎందుకంటే అదే చట్టం 5వ సెక్షన్ ప్రకారం, కోర్టు పెళ్లి రద్దు చేసినా మెహర్ హక్కు చెక్కుచెదరదు. ఫస్ఖ్‌కు, ఖులాకు అసలు తేడా ఇదే. ఫస్ఖ్‌లో రుజువు చేయాలి, మెహర్ ఉంటుంది. ఖులాలో రుజువు అక్కరలేదు, మెహర్ పోతుంది.

ఇక ఖులా దారి. ఆమె వదిలేది రాని 75,000. అది చేతికి రాలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కట్టనక్కరలేదు, "నాకు రావలసిన మెహర్ వదులుకుంటున్నాను" అంటే చాలు. మూడేళ్ల కేసు ఖర్చు, రోజువారీ పని మానుకుని కోర్టు చుట్టూ తిరగడం, ఆ టెన్షన్ అన్నీ కలిపి చూస్తే 75,000 కోసం ఫస్ఖ్ పట్టుకోవడం నాకు సబబు అనిపించదు. ఆ పిల్లకు నేను ఖులా అనే చెబుతాను. ఒక్క షరతుతో: కాగితం మేమే రాస్తాం.

మెహర్ చిన్నది కాకపోతే లెక్క తిరగబడుతుంది. మెహర్ కింద 20 తులాల బంగారం రాసి, అది పెళ్లినాడే ఇచ్చి, ఇప్పటికీ ఆమె దగ్గరే ఉందనుకోండి. లేదా ఒక ఫ్లాటు రాశారనుకోండి. అప్పుడు ఖులా అంటే ఆ బంగారం, ఆ ఫ్లాటు వెనక్కి ఇవ్వాల్సి రావడం. అలాంటి పిల్ల దగ్గర కొట్టిన రుజువులు గట్టిగా ఉంటే, కాస్త ఓపిక, ఆసరా ఉంటే, ఫస్ఖ్‌కే వెళ్లమంటాను. అతను మంచివాడే, పడక విడిపోతున్నారంటే ముబారాత్‌లో సగం సగం అని రాసుకోవచ్చు. ముబారాత్‌లో కూడా ఒక మెలిక ఉంది, అది తరువాత చెబుతాను.

అతను పంపిన కాగితం

నిజామాబాద్ పిల్ల తండ్రి మా దగ్గరికి వచ్చేసరికే భర్త తరఫువాళ్లు వందరూపాయల స్టాంపు పేపరు మీద ఖులానామా టైపు చేయించి పంపేశారనుకోండి. అది ఇలా ఉంటుంది. ఇలాంటివి ఎన్ని చూసినా మాటలు మాత్రం దాదాపు ఒకటే:

"నేను నా ఇష్టప్రకారం, ఎవరి బలవంతం లేకుండా ఖులా కోరుతున్నాను. మెహర్ మాఫ్ చేస్తున్నాను. ఇద్దత్ ఖర్చు, భరణం ఇకముందు ఎప్పుడూ అడగను. బంగారం, సామాను, నగదు మొత్తం నాకు ముట్టినవి, ఇక ఏ దావా లేదు. పాపను ఏడేళ్లు నిండగానే తండ్రికి అప్పగిస్తాను, పాప ఖర్చు నేనే భరిస్తాను. అతని మీద, అతని కుటుంబం మీద పెట్టిన కేసులన్నీ వెనక్కి తీసుకుంటాను."

ఒక్కో వాక్యం విడదీసి చూడండి.

మెహర్ మాఫ్ అన్నది సరే. ఖులాకు వెల అదే. నిజానికి ఖులా కాగితంలో మెహర్ గురించి ఏమీ రాయకపోయినా, ముస్లిం లా ప్రకారం ఖులాతో గానీ ముబారాత్‌తో గానీ భార్య మెహర్ వదిలేసినట్టే లెక్క. ఇందాక చెబుతానన్న మెలిక ఇదే. ముబారాత్‌లో మెహర్ దక్కించుకోవాలంటే "మెహర్ ఇంత మొత్తం ఫలానా తేదీలోగా చెల్లిస్తాడు" అని స్పష్టంగా రాయాలి. మౌనంగా ఉంటే పోయినట్టే. కానీ అదే నియమం రెండో సగం చాలామందికి తెలియదు. ఏమీ రాయకపోతే పోయేది మెహర్ ఒక్కటే. ఇద్దత్ కాలంలో ఆమెను పోషించడం, పిల్లల్ని పోషించడం అనే భర్త బాధ్యతలు ఖులాతో పోవు. అంటే ఇక్కడ "ఇద్దత్ ఖర్చు అడగను" అని రాయించుకోవడమే అతనికి లాభం, రాయకపోవడమే మీకు లాభం.

భరణం వాక్యం అన్నిటికంటే ప్రమాదకరం. నెలనెలా భరణం కోసం ఇప్పుడు వాడే సెక్షన్ భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144, పాత సీఆర్‌పీసీలో 125. విడాకులు ఇవ్వబడిన స్త్రీతో పాటు, తానే విడాకులు తెచ్చుకున్న స్త్రీ కూడా మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు ఆ సెక్షన్‌లో "భార్య" కిందికి వస్తుంది. విడాకులైన ముస్లిం స్త్రీ కూడా ఆ భరణం అడగవచ్చని సుప్రీంకోర్టు 2024 జూలై 10న, మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే తేల్చింది. అయితే అదే చట్టంలో ఇంకో మాట ఉంది. విడాకులు తెచ్చుకున్న స్త్రీ ఆ తరువాత భరణం హక్కును స్వచ్ఛందంగా వదులుకుంటే, మెజిస్ట్రేటు భరణం ఆర్డరును రద్దు చేయవచ్చు. "నా ఇష్టప్రకారం, ఎవరి బలవంతం లేకుండా" అని మొదటి వాక్యంలో ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. రెండు వాక్యాలు కలిపి రేపు కోర్టులో చూపించడానికి.

ఇక్కడ నేను గొప్ప ఆశ పెట్టను. ఖులా తీసుకున్న భార్యకు ఆ తరువాత భరణం దక్కుతుందా అన్నదాని మీద కోర్టుల మాట ఒకేలా లేదు. తానే ఖులాతో బంధం తెంచుకున్న భార్య ఖులా తేదీ తరువాత భరణం అడగలేదని కేరళ హైకోర్టు ఒక కేసులో అంది. కాబట్టి "ఖులా తరువాత నెలకు పదివేలు వస్తాయి" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి. భరణం మీదే మీ బతుకు ఆధారపడి ఉంటే, ఫస్ఖ్ డిక్రీ మీకు మరింత బలమైన పునాది. అక్కడ తప్పు అతనిదని కోర్టు రాసి ఉంటుంది. ఖులాకే వెళ్తే కనీసం వదిలేస్తున్నట్టు రాయకండి. అడిగే తలుపు తెరిచి ఉంచండి.

మూడోది, "బంగారం, సామాను, నగదు ముట్టినవి." ఈ పిల్ల ఇల్లు వదిలి వచ్చినప్పుడు చేతికి రెండు గాజులు, చెవులకు కమ్మలు, కలిపి రెండు తులాలు, అంతే. మిగతా బంగారం అత్తగారి బీరువాలో ఉంది. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, భర్త, స్నేహితులు పెళ్లికి ముందు, పెళ్లిలో, పెళ్లి తరువాత ఆమెకు ఇచ్చినవన్నీ ఆమెవేనని 1986 నాటి ముస్లిం మహిళల విడాకుల హక్కుల రక్షణ చట్టం 3వ సెక్షన్ చెబుతుంది. ఆ చట్టం "విడాకులు పొందిన స్త్రీ" అన్నప్పుడు తానే విడాకులు తెచ్చుకున్నామెను కూడా కలిపే చెప్పింది. అత్తింటివాళ్లు పెట్టిన 3 తులాలు మెహర్‌లో భాగమని, నికాహ్ వివరాలు రాసే సియాహ్‌నామాలో రాయకపోతే అవి ఖులా వెల కావు, కానుక. జోడే కీ రఖమ్ 2 లక్షలు మెహర్‌తో సంబంధం లేని వరకట్నం. కట్నం తీసుకున్నవాడు దాన్ని పెళ్లికూతురికే అప్పగించాలని వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ అంటుంది. ఖులా పేరు చెప్పి ఇవి నొక్కేయడానికి ఏ షరియత్‌లోనూ, ఏ చట్టంలోనూ దారి లేదు. "ముట్టినవి" అని సంతకం పెడితే మాత్రం, ముట్టలేదని రుజువు చేసే బరువు మీ నెత్తిన పడుతుంది. 75,000 వదలడానికి వచ్చిన పిల్ల ఒక్క వాక్యంతో 13 తులాలు, 2 లక్షలు వదిలేసినట్టవుతుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

పాప సంగతి. తల్లి సంతకంతో పాప హక్కు పోదు. ఖులాలో బిడ్డను అప్పగించాలన్న షరతు పెడితే ఖులా చెల్లుతుంది, షరతు చెల్లదని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. సంరక్షణ బిడ్డ హక్కు కాబట్టి. హనఫీ పద్ధతిలో కూతురు ఈడు వచ్చేవరకు తల్లి దగ్గర ఉండాలి, ఏడేళ్ల లెక్క కొడుకుది. కాగితం రాసినవాళ్లు ఆ తేడా కూడా చూసుకోలేదు. కోర్టు అయితే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద బిడ్డ మంచి ఎక్కడుందో చూస్తుంది. పాప ఖర్చు తండ్రిదే. మేజర్ అయ్యేదాకా ముస్లిం పిల్లలకు కూడా ఆ హక్కు ఉందని సుప్రీంకోర్టు 1997లో చెప్పింది. అయినా ఆ వాక్యం కొట్టేయించండి. చెల్లని షరతే కదా అని వదిలేస్తే, ఏడేళ్లు నిండిన రోజు వాళ్లు నలుగురిని వెంటబెట్టుకుని మీ గుమ్మంలో నిలబడతారు. ఆ రోజు కోర్టు పక్కన ఉండదు.

కేసుల వాక్యం మీద తొందరపడొద్దు. కొట్టిన కేసు ఉంటే, దాన్ని ఎప్పుడు, ఎలా ముగించాలో వేరే మాట్లాడుకోవాలి. బంగారం చేతికి వచ్చాక. ఖులా జరిగిపోయినా, కాపురంలో ఉండగా జరిగిన హింసకు గృహహింస చట్టం కింద ఊరట అడగవచ్చని సుప్రీంకోర్టు 2014లో, ఖులా ప్రశ్న ఉన్న కేసులోనే చెప్పింది.

మేము రాసే కాగితం

అతని కాగితం పక్కన పెట్టి ఇలా రాస్తాం. మొదట నోటీసు. అతనికి స్పీడ్ పోస్టులో, వాట్సాప్‌లో కూడా: "నేను మీతో కాపురం చేయలేను, ఖులా కోరుతున్నాను. సియాహ్‌నామాలో రాసిన 75,000 రూపాయల మువజ్జల్ మెహర్ వదులుకోవడానికి సిద్ధం. కలిపే మాటలకు మీ తరఫున ఒకరిని, మా తరఫున ఒకరిని పెడదాం." నోటీసులో ఈ మూడూ ఎందుకుండాలంటే, రేపు ఫ్యామిలీ కోర్టు చూసేవి ఇవే. కలిపే ప్రయత్నం మీటింగుకు అతను రాకపోతే, పిలిచిన తేదీ, రాలేదన్న సంగతి ఇద్దరు పెద్దల సంతకంతో ఒక కాగితం మీద పెట్టుకోండి. ఇది లేక చాలా కేసులు సాగతీతకు గురవుతాయి.

ఖులానామాలో మెహర్ వాక్యం ఇలా: "పై మెహర్ 75,000 తప్ప, నేను మరే హక్కునూ వదులుకోవడం లేదు. ఇద్దత్ ఖర్చు, నా భరణం, నా బంగారం, సామాను, నా కుమార్తె సంరక్షణ, ఆమె ఖర్చు విషయంలో నా హక్కులన్నీ అలాగే ఉంటాయి." దాని కింద బంగారం జాబితా, నగ పేరుతో, తూకంతో. హారం ఎంత, గాజులు ఎన్ని, ఉంగరాలు ఎన్ని. పెళ్లి ఫొటోలు, నగల షాపు బిల్లులు వెనక జతచేయాలి. "సుమారు 12 తులాలు" అని రాస్తే బేరానికి తావిచ్చినట్టే.

మెహర్ ముందే చేతికి వచ్చి, ఇప్పుడు తిరిగి ఇవ్వాల్సినవాళ్లు చేతికి చెయ్యి ఇవ్వకండి. బ్యాంకు ద్వారా పంపండి, లేదా డిక్లరేషన్ పిటిషన్ వేసినప్పుడు కోర్టులో డిపాజిట్ చేస్తామని చెప్పండి. డబ్బు ఇంకా పూర్తిగా ఇవ్వలేదు కాబట్టి ఖులా చెల్లలేదని అతను అంటే భయపడకండి. ఖులా జరిగాక ఆ డబ్బు అతనికి రావలసిన బాకీ మాత్రమే, దాని కోసం అతను వసూలు దావా వేసుకోవచ్చు గాని పెళ్లిని మళ్లీ బతికించలేడు.

పేపరు సిద్ధం కాగానే ఫ్యామిలీ కోర్టులో, ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ కింద, ఖులాతో పెళ్లి ముగిసిందని డిక్లరేషన్ కోరుతూ పిటిషన్ వేయాలి. సియాహ్‌నామా కాపీ, నోటీసు, పోస్టు రసీదు, పెద్దల కాగితం, ఖులానామా జతచేయాలి. సియాహ్‌నామా అత్తింట్లో ఉండిపోతే కంగారు అక్కరలేదు, నికాహ్ చదివిన ఖాజీ దగ్గర రికార్డు ఉంటుంది, కాపీ తీసుకోవచ్చు.

ఒక్కటి తప్పకుండా తెలిసి ఉండాలి. ఖులా అంటే ఒక బాయిన్ తలాక్. అతను మనసు మార్చుకుని "రద్దు చేశాను, రా" అనడానికి వీల్లేదు. ఇద్దరికీ మళ్లీ కలవాలనిపిస్తే కొత్త నికాహ్, కొత్త మెహర్. దానికి మధ్యలో ఇంకొకరిని పెళ్లి చేసుకోవలసిన పనేమీ లేదు. ఈ మాట తెలియక కొందరు పిల్లలు ఖులా అడగడానికే జంకుతారు.

చివరికి తేదీ. ఖులా జరిగిన రోజు నుంచే ఇద్దత్ లెక్క మొదలవుతుంది. నెలసరి వచ్చే వాళ్లకు మూడు నెలసరులు, రాని వాళ్లకు మూడు చాంద్రమాన నెలలు, గర్భవతికి ప్రసవం వరకు. ఇద్దత్ ఖర్చు ఎన్నాళ్లకు రావాలి, మళ్లీ నికాహ్ ఎప్పుడు చేసుకోవచ్చు అన్నవి ఆ తేదీ మీదే ఆధారపడతాయి. అతని తరఫువాళ్లు పంపే కాగితాల్లో తేదీ తరచూ ఖాళీగా ఉంటుంది, "తరువాత రాస్తాం" అంటారు. రెండు నెలల వెనకటి తేదీ వేసేస్తే ఇద్దత్ ఖర్చు చాలావరకు అక్కడే ఎగిరిపోతుంది. తేదీ మీ చేత్తో రాయండి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. సాక్షుల సంతకాల పక్కన కూడా అదే తేదీ వేయించి, మూడు కాపీలు తీసి, ఒకటి పుట్టింట్లో, ఒకటి లాయరు దగ్గర, ఒకటి మీ బ్యాగులో పెట్టుకోండి.